చక్కెర ఎటు పోయింది? 'అల్ట్రా ప్రాసెస్డ్' అనే మాట పుట్టుక, దాని కొలత

ఈ మధ్య మా ఆఫీసులో ఆరోగ్యం మీద ఒక ఉపన్యాసం పెట్టించారు. మామూలుగా ఇలాంటివాటికి జనాలు సమోసాల కోసం వెళ్తారు, ఈసారి సమోసాలు కూడా లేవు. వచ్చినాయన చెప్పిన సారాంశం ఒక్కటే: "ప్యాకెట్ మీద మీ అమ్మమ్మకి తెలియని పేరు ఒక్కటి కనబడినా అది అల్ట్రా ప్రాసెస్డ్. అది తింటే గుండెజబ్బు, షుగరు, కేన్సరు." ఆ దెబ్బకి మా టీములో ఒకాయన గోధుమ బ్రెడ్డు మానేసి, పొద్దున్నే బాక్సులో నేతి సున్నుండలు తెచ్చుకోవడం మొదలెట్టాడు. ఆయనకి షుగరు ఇప్పటికే బోర్డర్లో ఉంది. "ఇంట్లో చేసినవి కదా బాస్, ప్రాసెసింగు ఏముంది ఇందులో" అంటాడు. వాదించే ఓపిక లేక ఊరుకున్నా గానీ, అసలు ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎవరు ఏం కొలిచి ఇంత మాట అన్నారు అని వెతకడం మొదలెట్టా. తీరా చూస్తే కథ చాలా ఆసక్తికరంగా ఉంది. అంచేత ఈ టపా.

కథ బ్రెజిల్లో మొదలవుతుంది. సావో పాలో విశ్వవిద్యాలయంలో కార్లోస్ మోంటేరో అని ఒక డాక్టరు గారున్నారు. ఆయన వృత్తిజీవితం మొదలైంది పిల్లల్లో పోషకాహార లోపం మీద. తర్వాతి దశాబ్దాల్లో బ్రెజిల్లో ఆ సమస్య తగ్గుముఖం పట్టి, దానికి సరిగ్గా ఎదురు సమస్య, అంటే ఊబకాయం, పెరగడం మొదలైంది. సరే, జనం ఏం తింటున్నారో చూద్దామని ఇంటి ఖర్చుల సర్వేలు తిరగేశారు. 1970ల నుంచి 2000ల దాకా అక్కడి ప్రభుత్వం అప్పుడప్పుడూ చేసిన సర్వేలు అవి. ఏ ఇంట్లో ఎన్ని కిలోల బియ్యం కొన్నారు, ఎంత నూనె కొన్నారు లాంటి లెక్కలన్నమాట.

అక్కడ ఒక చిక్కుముడి ఎదురైంది. ఊబకాయం పెరుగుతోంది కదా, చక్కెరా నూనే కొనడం పెరిగి ఉండాలి. కానీ జనం చక్కెర తక్కువ కొంటున్నారు, ఉప్పు తక్కువ కొంటున్నారు, వంటనూనె తక్కువ కొంటున్నారు. బియ్యం, చిక్కుడుగింజలు (వాళ్ళకి అన్నం-పప్పు లాంటిది) కూడా తగ్గాయి. పాత పోషకాహార పుస్తకాల ప్రకారం చూస్తే వీళ్ళంతా బుద్ధిమంతులు! మరి పెరిగిందేమిటంటే బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, సాసేజీలు, రెడీమేడ్ భోజనాలు. చక్కెర ఎటూ పోలేదు. ఇంట్లో డబ్బాలోంచి ఫ్యాక్టరీలో బిస్కెట్లోకి మారింది, అంతే.

మోంటేరో గారి తెలివంతా ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు. చక్కెర డబ్బా కొనడం అనేది, ఆ ఇంట్లో ఎవరో వంట చేస్తున్నారనడానికి గుర్తు. అంటే ఆహారాన్ని పిండి పదార్థం, కొవ్వు, ప్రొటీను అని విడగొడితే కనబడని మార్పు ఒకటి, "ఇది ఎవరు తయారుచేశారు, ఎందుకు తయారుచేశారు" అని అడిగితే కనబడుతోంది. 2009లో ఆయన ఒక వ్యాఖ్యానం రాశారు, అసలు సంగతి పోషకాలూ కాదు, పదార్థాలూ కాదు, ప్రాసెసింగు అని. 2010లో మొదటి వర్గీకరణ ప్రచురించారు. అప్పట్లో మూడే గుంపులు. తర్వాత అవి నాలుగయ్యాయి, 2014లో బ్రెజిల్ జాతీయ ఆహార మార్గదర్శకాలు దాని మీదే కట్టారు. దాని పేరు నోవా. పొడి అక్షరాల పేరేమో అని నేను చాలాసేపు వెతికా, కాదట. పోర్చుగీసులో నోవా అంటే కొత్త అని, అంతే.

ఆ నాలుగు గుంపుల్ని మన వంటింట్లో పెట్టి చూద్దాం. ఒకటో గుంపు: బియ్యం, కందిపప్పు, కూరగాయలు, పాలు, గుడ్లు, మాంసం, చక్కెర కలపని పెరుగు. దంచడం, ఆరబెట్టడం, పాశ్చరైజ్ చెయ్యడం, తోడుపెట్టడం వగైరా అయినా ఇందులోనే. రెండో గుంపు: నూనె, నెయ్యి, ఉప్పు, చక్కెర, బెల్లం. విడిగా తినరు, వంటలో వేస్తారు. మూడో గుంపు: ఒకటీ రెండూ కలిపి కొంచెం నిలవుండేలా చేసినవి, అంటే డబ్బాల్లో ఉప్పునీళ్ళలో వేసిన కూరగాయలు, జున్ను, బేకరీలో పిండీ ఈస్టూ ఉప్పుతో చేసిన తాజా బ్రెడ్డు, ఇలాంటివి. నాలుగోది అల్ట్రా ప్రాసెస్డ్. దీని నిర్వచనం ఒక పేజీ ఉంటుంది గానీ, గుర్తుపట్టడానికి వాళ్ళే ఒక అడ్డదారి చెప్పారు: పదార్థాల జాబితా చూడు, వంటింట్లో ఎవరూ వాడనిది (మాల్టోడెక్స్ట్రిన్, ప్రొటీన్ ఐసోలేట్, హైడ్రోజనేటెడ్ నూనె లాంటివి) గానీ, రంగు-రుచి-నునుపు కోసం మాత్రమే వేసేది (ఫ్లేవర్, రంగు, ఎమల్సిఫయర్, స్వీట్నర్) గానీ ఒక్కటి కనబడితే చాలు, అది నాలుగో గుంపే.

మన భాషలో చెప్పాలంటే ఇంతే:

```python
def is_upf(ingredients):
    return any(i in NOT_IN_KITCHENS or i in COSMETIC
               for i in ingredients)
```

ఈ రెండు లైన్లనీ కాస్త నిదానంగా చూడండి. ఇందులో ఏం ఉంది అన్నదానికంటే ఏం లేదు అన్నది ముఖ్యం. మోతాదు లేదు. వంద గ్రాముల్లో అర గ్రాము లెసిథిన్ ఉన్నా నిజమే, సగం మాల్టోడెక్స్ట్రిన్ అయినా నిజమే. చక్కెర ఎంత, ఉప్పు ఎంత, పీచు ఎంత అన్నవి అసలు ఇన్‌పుట్‌లోనే లేవు. ఆ పదార్థాన్ని ఎంత వేడి చేశారు, ఎంత మెత్తగా నూరారు, దాని నిర్మాణం ఎంత చెడింది, అంటే "ప్రాసెసింగు" అనే మాట వినగానే మనకి తోచేవి, అవి కూడా లేవు. చక్కెర నీళ్ళూ, పీచు ఎక్కువున్న గోధుమ బ్రెడ్డూ (ఎమల్సిఫయర్ ఉంటే), పసిపిల్లల పాలపొడీ ఒకే బుట్టలో పడతాయి. పోతే మా మిత్రుడి సున్నుండలు? మినప్పిండి ఒకటో గుంపు, బెల్లం రెండు, నెయ్యి రెండు. నోవా లెక్కలో ఇంటి వంటని విడి దినుసులుగానే చూస్తారు కాబట్టి ఆ ఉండలో నాలుగో గుంపు సున్నా. వర్గీకరణ తప్పు చెప్పలేదు, దాన్ని షుగరు గురించి ఎవరూ అడగలేదు, అది చెప్పలేదు. ఇంకో సరదా సంగతేమిటంటే, కొన్న ఆవకాయ సీసాలో సోడియం బెంజోయేట్ ఉన్నా అంతమాత్రాన అది నాలుగో గుంపు కాదు. నిలవుంచడానికి వేసేవి వేరు, మోసం చెయ్యడానికి.. క్షమించాలి, మురిపించడానికి వేసేవి వేరు అని వాళ్ళ లెక్క. "పేరు పలకలేకపోతే విషం" అన్న మన ఉపన్యాసకుడి సూత్రం నోవాలో కూడా లేదన్నమాట.

మరి ఈ వర్గీకరణ కొలుస్తున్నదేమిటి? నాకర్థమైనంతలో, అది ఒక వ్యాపార పద్ధతిని కొలుస్తోంది. చవక ముడి సరుకుని విడగొట్టి, మళ్ళీ కలిపి, రుచీ రంగూ అద్ది, వంట అవసరం లేకుండా అమ్మే పద్ధతి. నిర్వచనంలోనే "ఉద్దేశం" అన్న మాట ఉంది. ఎమల్సిఫయర్ అక్కడ ఉన్నది అది విషం కాబట్టి కాదు, ఫ్యాక్టరీ జాడ కాబట్టి. పొగలాంటిది. దేశం మొత్తంలో ఇంటి వంట ఎంత తగ్గిందో, కంపెనీ తిండి ఎంత పెరిగిందో చూడ్డానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు కనబడలేదు, మోంటేరో గారు దాన్ని కనిపెట్టింది కూడా ఆ పనికే. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, జాడని పట్టుకుని అదే నిప్పు అనుకున్నప్పుడు.

ముందు చిన్న అడ్డంకి: ఈ జాడని అందరూ ఒకేలా గుర్తుపడతారా? 2022లో ఫ్రాన్సులో దీన్ని పరీక్షించారు. నూట యాభైకి పైగా ఆహార నిపుణులకి, మామూలు జనానికి కాదు, 120 మార్కెట్ సరుకుల్ని పదార్థాల జాబితాతో సహా ఇచ్చి నోవా గుంపుల్లో పెట్టమన్నారు. అందరూ ఒకే మాట మీద ఉన్నవి మూడంటే మూడు సరుకులు. అందరి మధ్యా ఏకాభిప్రాయాన్ని కొలిచే కప్పా అనే సంఖ్య ఒకటుంటుంది, గుడ్డిగా పెడితే 0, పూర్తిగా కలిస్తే 1. ఇక్కడ వచ్చింది 0.32. రెండు కోడ్ రివ్యూల్లో ఇంత తేడా వస్తే స్పెసిఫికేషన్ని వెనక్కి పంపుతాం మనం. నోవా వర్గం వాళ్ళ జవాబు: మిగతా మూడు గుంపుల మధ్య గొడవ ఎలా ఉన్నా, శిక్షణ ఉన్న పరిశోధకులు పద్ధతి ప్రకారం చేస్తే నాలుగో గుంపు విషయంలో ఇంత గందరగోళం ఉండదని. అందులో కొంత నిజముంది. కూల్‌డ్రింకు విషయంలో ఎవరూ పొరబడరు కదా. పేచీ అంతా బ్రెడ్డు, పెరుగు, పొద్దున్నే పాలల్లో వేసుకునే అటుకుల లాంటి సిరియల్స్, సాసుల దగ్గరే. దురదృష్టమేమిటంటే పేపర్లలో ఫలితాలు అటూ ఇటూ ఊగేది కూడా సరిగ్గా వీటి దగ్గరే. అదెలాగో చెప్తా.

తిండికీ జబ్బుకీ సంబంధం చెప్పే పేపర్లలో ఎక్కువ భాగం కొహార్ట్ అధ్యయనాలు. లక్షమందిని పట్టుకుని, ఏం తింటున్నారో అడిగి, ఏళ్ళ తరబడి వెంటాడి, ఎవరికి ఏ జబ్బొచ్చిందో చూస్తారు. అమెరికాలో నర్సుల మీద చేసిన అధ్యయనం వీటిలో పేరుమోసింది, 1976లో మొదలైంది. తిండి ప్రశ్నావళి 1980ల్లో స్థిరపడింది. అంటే అప్పటికి నోవా పుట్టడానికి ఇంకా పాతికేళ్ళుంది! ఆ ప్రశ్నావళిలో "పెరుగు వారానికి ఎన్నిసార్లు", "ముదురురంగు బ్రెడ్డు రోజుకి ఎన్ని ముక్కలు" అని ఉంటుంది. పెరుగులో ఫ్లేవర్ ఉందా, బ్రెడ్డులో ఎమల్సిఫయర్ ఉందా అని ఉండదు. ఇప్పుడు పరిశోధకులు వెనక్కెళ్ళి, ఆ ప్రశ్నల్ని ఒక్కొక్కటే నోవా గుంపులకి అంటించారు. పాత డేటాబేసులో లేని కాలమ్‌ని వేరే కాలమ్‌ల నుంచి ఊహించి నింపడం లాంటిది ఇది. మనలో ఆ పని చేసినవాళ్ళకి తెలుసు, దాని మీద వచ్చిన రిపోర్టుని ఎంతవరకు నమ్మొచ్చో.

కొత్త అధ్యయనాలు ఈ విషయంలో నయం. ఫ్రాన్సులో న్యూట్రినెట్-సాంటె అని ఒకటుంది, వెబ్ ద్వారా జనం ఆ రోజు తిన్నది విడివిడిగా నమోదు చేస్తారు. దాన్నుంచి 2019లో గుండెజబ్బుల మీద వచ్చిన పేపర్ని మచ్చుకి తీసుకుందాం, ఎందుకంటే హెడ్‌లైన్లన్నిటికీ మూలపురుషుడు అదే. 1,05,159 మంది, సగటున నలభై మూడేళ్ళ వయసు, దాదాపు 80 శాతం ఆడవాళ్ళు, ఐదేళ్ళ చిల్లర పరిశీలన. తిండిలో అల్ట్రా ప్రాసెస్డ్ వాటా 10 శాతం పాయింట్లు పెరిగితే గుండె, రక్తనాళాల జబ్బు 12 శాతం ఎక్కువ కనబడింది. ఈ 12 శాతం పేపర్లకెక్కింది. అదే పేపర్లో ఇంకో లెక్క ఉంది, అది ఎక్కలేదు: ఎక్కువ తినేవాళ్ళలో ఏడాదికి లక్షమందిలో 277 మందికి జబ్బొస్తే, తక్కువ తినేవాళ్ళలో 242 మందికి వచ్చింది. తేడా లక్షకి 35. ఇది లెక్కలేనిది అని నేననను, దేశం మొత్తానికి గుణిస్తే పెద్దదే. కానీ ఇంత చిన్న తేడాని ఇంకేదైనా కూడా పుట్టించగలదు. ఆ అధ్యయనంలోనే, ఎక్కువ తినేవాళ్ళలో పొగతాగేవాళ్ళు ఎక్కువ. దాన్ని లెక్కలో సవరించారు, నిజమే. ఐతే నైట్ షిఫ్టు, నిద్ర, ఒంటరితనం, వంట చేసుకునే టైము లేకపోవడం, ఇవన్నీ కాలమ్‌లుగా దొరకవు. కూల్‌డ్రింకు తాగే మనిషి జీవితం మొత్తం కూల్‌డ్రింకుతో పాటే డేటాలోకి వస్తుంది.

వాటా ఎలా లెక్కగట్టారన్నది ఇంకో తమాషా. ఫ్రెంచి వాళ్ళు బరువులో వాటా తీస్తారు, చాలామంది కేలరీల్లో వాటా తీస్తారు. ఒకతను రోజూ ఇంటి తిండి 1800 గ్రాములు తిని, రెండు డైట్ కోలాలు, మొత్తం 600 గ్రాములు, తాగాడనుకోండి. కేలరీల లెక్కలో అతని వాటా సున్నా. బరువు లెక్కలో 2400లో 600, అంటే 25 శాతం. అదే మనిషి, అదే రోజు. ఒక పేపర్లో ఋషి, ఇంకో పేపర్లో పాపి.

ఇక గుంపుని విడగొట్టినప్పుడు ఏమైందో చూడండి. 2023లో పైన చెప్పిన అమెరికా నర్సుల డేటాతో పాటు మరో రెండు కొహార్ట్‌లు కలిపి, షుగరు వ్యాధి మీద పేపరొచ్చింది. మొత్తంగా చూస్తే అల్ట్రా ప్రాసెస్డ్ ఎక్కువ తిన్న ఐదో వంతు మందికి, తక్కువ తిన్న ఐదో వంతు కంటే షుగరు ముప్పు 46 శాతం ఎక్కువ. గట్టి సంఖ్యే. ఐతే లోపలికెళ్తే, చక్కెర పానీయాలు, స్వీట్నర్ పానీయాలు, మాంసం ఉత్పత్తులు, రెడీమేడ్ భోజనాలు ముప్పు పెంచేవైపు ఉన్నాయి. ముదురు బ్రెడ్డు, సిరియల్స్, ఫ్యాక్టరీ పెరుగు ముప్పు తగ్గించేవైపు ఉన్నాయి. అన్నీ నాలుగో గుంపే! యూరప్‌లో అదే ఏడాది వచ్చిన పెద్ద అధ్యయనంలో కూడా ఇదే పోకడ: కూల్‌డ్రింకులూ మాంసం ఉత్పత్తులూ దోషులు, బ్రెడ్డూ సిరియల్సూ కాదు. మరి కూల్‌డ్రింకూ, సాసేజీ మంచివి కావని చెప్పడానికి మనకి కొత్త వర్గీకరణ అవసరమా? పాత పుస్తకమే చెప్పింది కదా. నోవా నిలబడాలంటే, చక్కెరా ఉప్పూ పీచూ అన్నీ సమానంగా ఉంచినా ప్రాసెసింగు అనేదొకటి విడిగా హాని చేస్తుందని చూపించాలి.

సరిగ్గా అది చూపించడానికే, నిజం చెప్పాలంటే చూపించలేరులే అని నిరూపించడానికే, కెవిన్ హాల్ రంగంలోకి దిగాడు. ఈయన అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌లో పనిచేసేవాడు, చదువుకున్నది ఫిజిక్సు. పోషకాలు సమానం చేస్తే తేడా మాయమవుతుందని ఆయన అనుమానం. ఇరవై మందిని, పదిమంది మగ, పదిమంది ఆడ, బెథెస్డాలో ఆస్పత్రిలో 28 రోజులు పెట్టాడు. 14 రోజులు అల్ట్రా ప్రాసెస్డ్ తిండి, 14 రోజులు ప్రాసెస్ చెయ్యని తిండి, ఏది ముందన్నది లాటరీ. రెండింట్లోనూ ముందుపెట్టిన కేలరీలు, చక్కెర, ఉప్పు, కొవ్వు, పీచు సమానం. ప్రతి పూటా కావాల్సినదానికి దాదాపు రెట్టింపు పెట్టి, గంట టైమిచ్చి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. వదిలేసింది తూకం వేశారు.

ఫలితం 2019లో వచ్చింది. అల్ట్రా ప్రాసెస్డ్ వారాల్లో రోజుకి 508 కేలరీలు ఎక్కువ తిన్నారు. 14 రోజుల్లో 0.9 కిలో పెరిగారు, ఇంకో 14 రోజుల్లో అంతే తగ్గారు. రుచి ఎలా ఉందంటే రెండింటికీ దాదాపు ఒకే మార్కులిచ్చారు. ఈ రంగంలో ఇంత నియంత్రణతో చేసిన ప్రయోగం అంతకుముందు లేదు, దీన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్ళతో నేను ఏకీభవించను. చక్కెర కాదు, ఉప్పు కాదు, ఇంకేదో ఉంది అని చూపించింది.

ఆ 'ఇంకేదో' ఏమిటన్నది పేపర్లో వివరాల పట్టికలో దాక్కునుంది. ఫ్యాక్టరీ తిండిలో సహజంగా పీచు ఉండదు కదా, సమానం చెయ్యడానికి పీచు పొడిని డైట్ నిమ్మరసంలో కలిపి తాగించారు. ఆ పానీయాల నీళ్ళ బరువు వల్ల, గ్రాముకి ఎన్ని కేలరీలు అన్న లెక్క కూడా రెండు వైపులా సమానంగా కనబడింది. పానీయాలు తీసేసి పళ్ళెంలో ఉన్నది మాత్రం చూస్తే, అల్ట్రా ప్రాసెస్డ్‌లో గ్రాముకి దాదాపు 2 కేలరీలు, ఇంకోదాంట్లో దాదాపు 1. అరకిలో ఘనాహారంతో కడుపు నిండిందనుకుంటే ఒకచోట వెయ్యి దాకా, ఇంకోచోట ఐదొందల చిల్లర. మనిషి ఆగేది చాలావరకు పరిమాణం చూసి, కేలరీలు చూసి కాదు అన్నది ఈ రంగంలో పాత సంగతే. రెండోది, వేగం. మెత్తగా, నమలక్కర్లేకుండా ఉంటుంది కాబట్టి నిమిషానికి లోపలికెళ్ళే కేలరీలు సగానికి పైగా ఎక్కువ. కడుపు నుంచి "చాలు" అన్న మెసేజ్ వచ్చేలోపు పళ్ళెం ఖాళీ. (ప్రొడక్షన్లో క్యూ నిండిపోయాక వచ్చే అలర్ట్ లాగా :)).

అంచేత 508 అన్నది ప్రాసెసింగు వల్ల వచ్చిందా, సాంద్రత వల్ల వచ్చిందా, మెత్తదనం వల్ల వచ్చిందా అన్నది ఆ ప్రయోగం విడదీయలేదు. విడదీయడానికి హాల్ రెండో ప్రయోగం మొదలెట్టాడు. ఈసారి అల్ట్రా ప్రాసెస్డ్ తిండినే మూడు రకాలుగా చేశాడు: సాంద్రతా ఎక్కువ, అతిరుచీ ఎక్కువ ఉన్నది ఒకటి, సాంద్రత మాత్రమే ఎక్కువ ఉన్నది ఒకటి, రెండూ తక్కువ ఉన్నది ఒకటి. 2024 చివర్లో ఆయన చెప్పిన మధ్యంతర ఫలితాల్లో, మొదటి రెండింటితో జనం బాగా ఎక్కువ తిన్నారు, మూడోదాంతో ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. గుర్తుంచుకోండి, మూడోది కూడా నిక్షేపంలాంటి అల్ట్రా ప్రాసెస్డే. పూర్తి ఫలితాలు రాకముందే, 2025లో ఆయన, తన పరిశోధన గురించి మాట్లాడకుండా అడ్డుపడుతున్నారని ఆరోపిస్తూ ఎన్ఐహెచ్ వదిలేశాడు. నెదర్లాండ్స్‌లో వాగెనింగెన్ వాళ్ళు ఇంకో వైపు నుంచి వచ్చారు: రెండు వైపులా అల్ట్రా ప్రాసెస్డే, ఒకటి మెత్తగా త్వరగా తినేది, ఇంకోటి నమిలి నిదానంగా తినేది. నిదానం తిండితో రోజుకి 350కి పైగా కేలరీలు తక్కువ తిన్నారు. నోవా ఒకటే, ఫలితం వేరు.

అలాగని కథ ఒకవైపే వాలిపోలేదు. 2025లో లండన్ వాళ్ళు 55 మందితో చేసిన ప్రయోగంలో, రెండు వైపులా బ్రిటన్ ప్రభుత్వ ఆహార సూచనల ప్రకారమే తిండి పంపించారు, అంటే అల్ట్రా ప్రాసెస్డ్‌లోనే మంచివి ఏరి పెట్టారు. ఎనిమిదేసి వారాల తర్వాత రెండు తిండ్లతోనూ బరువు తగ్గారు! కానీ తక్కువ ప్రాసెస్ చేసినదాంతో 2 శాతం, అల్ట్రా ప్రాసెస్డ్‌తో 1 శాతం. మీరు ఏ పక్షమైతే ఆ పక్షానికి పనికొచ్చే ఫలితం ఇది. నా మటుకు నాకు, రెండు ముక్కలూ కలిపి చదవాలనిపిస్తుంది: ఏరుకుంటే నాలుగో గుంపుతో కూడా బరువు తగ్గొచ్చు, కానీ ఏరుకున్నాక కూడా ఏదో కొంత తేడా మిగిలింది.

ఈ ప్రయోగాలన్నీ కొలిచింది ముఖ్యంగా తిన్న మోతాదు, బరువు. వారాల్లో తేలేవి అవి. కేన్సరుకీ గుండెపోటుకీ ఏళ్ళు పడతాయి, అంతకాలం ఎవర్నీ ఆస్పత్రిలో పెట్టలేరు, కాబట్టి అక్కడ మనకున్నది కొహార్ట్‌లే. 2024లో బీఎంజే పత్రికలో అలాంటి పేపర్లన్నిటినీ కలిపిన సమీక్ష వచ్చింది, దాదాపు కోటి మంది డేటా, 45 ఉమ్మడి విశ్లేషణలు. చాలావాటిలో ముప్పు ఎక్కువనే దిశ కనబడింది. సాక్ష్యం నాణ్యత మాత్రం: 4 మధ్యస్థం, 22 తక్కువ, 19 మరీ తక్కువ. మొదటి వాక్యం మాత్రమే ఫార్వర్డ్‌లలో తిరుగుతుంది. 2025 నవంబరులో లాన్సెట్‌లో మోంటేరో బృందం మూడు పేపర్లు వేసి, ఇక చాలు, ప్రభుత్వాలు చర్యలు తీసుకోవచ్చు అంది. పన్నులూ, ప్రకటనల మీద ఆంక్షలూ కూల్‌డ్రింకుల మీద పెడతామంటే నాకేం అభ్యంతరం లేదు, దానికి ఈ సాక్ష్యం చాలు. అదే కత్తి పీచున్న బ్రెడ్డు మీదా పాలు పడని తల్లి కొనే పాలపొడి మీదా కూడా పడుతుందంటేనే చిక్కు.

ఇక మన సంగతి. 2024లో మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా అల్ట్రా ప్రాసెస్డ్ తగ్గించమన్నాయి, ఐతే కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్నవాటితో కలిపి ఒకే సూచనగా చెప్పాయి. సున్నుండలు అందులో తప్పించుకోలేవు, అది నాకు నచ్చింది. మోంటేరో చేసినట్టు మన ఇంటి ఖర్చుల సర్వేలోంచి లెక్క తీద్దామని 2022-23 ది తెరిచా. "పానీయాలు, చిరుతిళ్ళు, ప్రాసెస్డ్ ఆహారం" అన్న పద్దు మొత్తం ఖర్చులో పల్లెల్లో 9.62 శాతం, పట్నాల్లో 10.64 శాతం. ఈ సంఖ్యనే పట్టుకుని "భారతీయులు అల్ట్రా ప్రాసెస్డ్ తిండికి ఇంత తగలేస్తున్నారు" అని రాసినవాళ్ళున్నారు. లోపలికెళ్తే అందులో చిప్సూ కూల్‌డ్రింకులూ ఉన్నాయి, టీ ఉంది, బయట కొన్న వండిన భోజనం కూడా ఉంది. అంటే వీధి చివర బండి మీద తిన్న ఇడ్లీ కూడా అందులోనే. ఆ ఇడ్లీకి పదార్థాల జాబితా ఉండదు. నూనె ఎన్నిసార్లు కాగిందో తెలియని మిరపకాయ బజ్జీకీ ఉండదు, రంగు ఎంత పడిందో తెలియని గోబీ మంచూరియాకీ ఉండదు. నోవా నడిచేది లేబుల్ మీద. మనం బయట తినేదాంట్లో చాలా భాగానికి ఆ లేబులే లేదు.